ఎనిమిదో హిస్టిడిన్ జీన్ దొరికిందా? ఒక ఈస్ట్ కాంప్లిమెంటేషన్ కేసు

ఈ కేసులో స్ట్రెయిన్ల పేర్లు మార్చాను. ఏ ల్యాబ్, ఎవరు, ఎప్పుడు అన్నవి తీసేశాను. ప్లేట్ల మీద కనిపించింది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఒక పరిశోధక విద్యార్థిని బేకరీ ఈస్ట్‌లో ఈఎంఎస్ అనే రసాయనంతో మ్యుటేషన్లు చేసి, హిస్టిడిన్ ఇస్తే తప్ప పెరగని మ్యూటెంట్లను ఏరింది. ఆమె అసలు పని ఇది కాదు. వేరే ప్రయోగానికి మార్కర్లు కావాలి కాబట్టి వాటిని తయారు చేసుకుంది. పనిలో పనిగా ఏ మ్యూటెంట్ ఏ జీన్‌లో ఉందో తేల్చేద్దామనుకుంది. తేలిగ్గా అయిపోవాల్సిన పనే. ఈస్ట్ హిస్టిడిన్ తయారు చేసుకునే దారిలో పది రసాయన మెట్లు ఉన్నాయి. వాటిని నడిపే జీన్లు ఏడు, HIS1 నుంచి HIS7 దాకా. ఒక్కో జీన్‌లో మ్యుటేషన్ ఉన్న ఏడు టెస్టర్ స్ట్రెయిన్లు వాళ్ల ల్యాబ్ ఫ్రీజర్లో ఏనాటి నుంచో ఉన్నాయి. కొత్త మ్యూటెంట్‌ను ఏడింటితోనూ క్రాస్ చేయడం, ఎవరితో కలిసినప్పుడు డిప్లాయిడ్ పెరగలేదో చూడడం, ఇంతే పని.

దీని వెనకున్న తర్కం అందరికీ తెలిసిందే, అయినా కేసంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి ఒకసారి చెప్పుకుందాం. రెండు రిసెసివ్ మ్యుటేషన్లు వేర్వేరు జీన్లలో ఉంటే, డిప్లాయిడ్‌లో ఒకరికి లేనిది రెండోవారి దగ్గర మంచి కాపీగా ఉంటుంది, కణం పెరుగుతుంది. రెండూ ఒకే జీన్‌లో ఉంటే రెండు కాపీలూ చెడినవే, కణం పెరగదు. పెరిగితే ఆ రెండూ కాంప్లిమెంట్ అయ్యాయంటారు, అంటే రెండు జీన్లు; పెరగకపోతే ఒకటే జీన్. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఆమె మ్యూటెంట్లలో మూడింటి గురించి ఈ కేసు. వాటిని ఎం1, ఎం2, ఎం3 అంటాను. ఎం2, ఎం3 రెండూ his4 టెస్టర్‌తో మాత్రమే పెరగలేదు, మిగతా ఆరింటితోనూ పెరిగాయి. కాబట్టి అవి his4. ఎం1 ఏడు టెస్టర్లతోనూ చక్కగా పెరిగింది. అంటే తెలిసిన ఏ జీన్‌లోనూ లేని మ్యుటేషన్ అన్నమాట. గ్రూపులో అందరూ ఉత్సాహపడ్డారు, ఎనిమిదో హిస్టిడిన్ జీన్ అన్న మాట మీటింగుల్లో వినపడటం మొదలైంది.

చిక్కల్లా ఎం3తో వచ్చింది. మూడింటినీ తమలో తాము క్రాస్ చేస్తే ఎం1, ఎం2 కలిసి పెరిగాయి. ఎం2, ఎం3 కలిసి పెరగలేదు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఎం1, ఎం3 కూడా కలిసి పెరగలేదు. his4 అని తేలిన ఎం3, his4 కానే కాదన్న ఎం1తో పొసగకపోవడం ఏమిటి?

"సార్, ఎం3లో ఏదో తేడా ఉంది. ఈఎంఎస్ కదా, రెండు జీన్లూ దెబ్బతిని ఉంటాయి. దాన్ని లిస్టులోంచి తీసేద్దామా?" అని అడిగింది.

తీసేయొద్దన్నాను. కాంప్లిమెంట్ కాకపోవడం అంటే ఒకే జీన్ అని అర్థమైతే, ఆ సంబంధం గొలుసులా సాగాలి. ఎం1, ఎం3 ఒకే జీన్. ఎం3, ఎం2 ఒకే జీన్. అలాంటప్పుడు ఎం1, ఎం2 కూడా ఒకే జీన్ కావాలి. ఇక్కడ గొలుసు తెగింది. అంటే మనం వేసుకున్న ఊహల్లో ఏదో ఒకటి ఇక్కడ చెల్లడం లేదు. అది ఏదో చెప్పగలిగేది ఎం3 ఒక్కటే. దాన్ని పారేస్తే లెక్క శుభ్రంగా కనిపిస్తుంది, కానీ తప్పు లెక్క మిగులుతుంది.

ముందు ప్లేట్లను నమ్మొచ్చా?

ఏ వివరణ వెతకాలన్నా ముందు పెరిగింది, పెరగలేదు అన్న మాటలు ఖాయం కావాలి. ఆమె పద్ధతిలో రెండు హాప్లాయిడ్ స్ట్రెయిన్లను వైపీడీ ప్లేటు మీద కలిపి ఒక రాత్రి ఉంచి, ఆ మచ్చను నేరుగా హిస్టిడిన్ లేని ప్లేటు మీదకు రెప్లికా చేశారు. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ఆ మచ్చలో జత కట్టినవి ఎన్నో, కట్టనివి ఎన్నో తెలియదు. పెరగలేదంటే కాంప్లిమెంట్ కాలేదా, అసలు డిప్లాయిడే పుట్టలేదా? రెండోది, వైపీడీ నుంచి మందంగా అంటుకొచ్చిన కణాలు తమతో తెచ్చుకున్న హిస్టిడిన్‌తోనే పల్చగా పెరుగుతాయి, చూసేవాళ్లకు అది సగం పెరుగుదలలా కనిపిస్తుంది. ఆమె నోట్‌బుక్‌లో ఎం1, ఎం3 గడిలో ప్లస్, మైనస్ రెండూ కలిపి రాసి ఉండడానికి కారణం ఇదే కావచ్చనుకున్నాను.

అందుకని డిప్లాయిడ్లను ముందు వేరుగా ఏరాం. ఒక వైపు స్ట్రెయిన్‌కు యురాసిల్ కావాలి (ura3), రెండో వైపు దానికి లైసిన్ కావాలి (lys2). ఈ రెండూ లేని, కానీ హిస్టిడిన్ ఉన్న ప్లేటు మీద డిప్లాయిడ్లు మాత్రమే బతుకుతాయి. ఇక్కడ హిస్టిడిన్ ఉండడం ముఖ్యం. ఏరికలోనే హిస్టిడిన్ తీసేస్తే, మనం పరీక్షించాల్సిన విషయంతోనే ఏరినట్టవుతుంది; పెరగని డిప్లాయిడ్ పుట్టిందో లేదో ఎప్పటికీ తెలియదు. అలా వచ్చిన ఒంటరి కాలనీలను నీళ్లలో కలిపి, పదింతలు చొప్పున పలచన చేస్తూ, హిస్టిడిన్ ఉన్న ప్లేటు మీదా లేని ప్లేటు మీదా చుక్కలు పెట్టాం. ప్రతి మ్యూటెంట్‌ను వైల్డ్ టైప్‌తోనూ, తనతో తానూ క్రాస్ చేసిన డిప్లాయిడ్లు పక్కనే ఉన్నాయి. ఎం3 రెండు మేటింగ్ టైపుల్లోనూ కావాలి కాబట్టి, వైల్డ్ టైప్ క్రాస్‌లో వచ్చిన స్పోర్ల నుంచి రెండు రకాలూ తీసుకున్నాం. అదే క్రాస్‌తో ఈఎంఎస్ చేసిన అక్కర్లేని మార్పులు కొన్ని రాలిపోతాయి కూడా.

30 డిగ్రీల దగ్గర మూడో రోజుకు వచ్చిన ఫలితం ఇది:

| | ఎం1 | ఎం2 | ఎం3 | వైల్డ్ టైప్ |
|---|---|---|---|---|
| ఎం1 | − | + | − | + |
| ఎం2 | + | − | − | + |
| ఎం3 | − | − | − | + |

పట్టిక మారలేదు, కానీ ఇప్పుడు నమ్మొచ్చు. ఎం1, ఎం3 చుక్కను దగ్గర్నుంచి చూస్తే నోట్‌బుక్‌లోని ఆ సందిగ్ధం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. చిక్కటి చుక్కలో ఖాళీ నేల మీద అక్కడక్కడా గుండ్రటి తెల్లటి బుడిపెలు లేచాయి. పలచన చేసిన చుక్కల్లో ఏమీ లేదు. కాంప్లిమెంట్ అయిన ఎం1, ఎం2 డిప్లాయిడ్‌లో అయితే ప్రతి కణమూ పెరిగింది. పలచన చేసిన చుక్కలో కూడా, పక్కనున్న హిస్టిడిన్ ప్లేటు మీద ఎన్ని కాలనీలున్నాయో ఇక్కడా దాదాపు అన్నే ఉన్నాయి. తేడా అదే. బుడిపెలన్నవి డిప్లాయిడ్‌లోని రెండు చెడిన కాపీలు మైటోసిస్‌లో ముక్కలు మార్చుకుని ఒక మంచి కాపీ తయారైన కొద్ది కణాల సంతానం. ఎం3ని ఎం3తోనే క్రాస్ చేసినప్పుడు అవి చాలా అరుదుగా వచ్చాయి. రెండు కాపీల్లోనూ ఒకే చోట దెబ్బ ఉంటే మార్చుకోవడానికి మంచి ముక్క ఉండదు మరి. మందపాటి మచ్చల మీద వీటినే చాలామంది బలహీనమైన కాంప్లిమెంటేషన్ అని రాసుకుంటారు.

ఎం3కి సాధ్యమైన వివరణలు

ఇప్పుడు ఎం3 రెండు గుంపులతోనూ ఎందుకు పొసగదో ఆలోచించాలి. మొదటి అనుమానం, అది డామినెంట్ కావచ్చు. డామినెంట్ మ్యుటేషన్ ఎవరితో కలిపినా పెరగనివ్వదు. దానికి కాంప్లిమెంటేషన్ పరీక్షే చెల్లదు. కానీ వైల్డ్ టైప్‌తో కలిసిన ఎం3 డిప్లాయిడ్ బాగా పెరిగింది, కాబట్టి ఇది పోయింది.

రెండోది విద్యార్థిని చెప్పిందే. ఎం3లో his4తో పాటు ఆ కొత్త జీన్ కూడా దెబ్బతిని ఉండొచ్చు. వినడానికి బాగుంది, పరీక్షించడమూ తేలికే. ఎం3ని వైల్డ్ టైప్‌తో క్రాస్ చేసిన డిప్లాయిడ్‌ను స్పోర్యులేట్ చేసి, ఒక్కో సంచిలోని నాలుగు స్పోర్లనూ సూదితో విడదీసి చూడాలి. మ్యుటేషన్ ఒక్కటే అయితే ప్రతి టెట్రాడ్‌లోనూ రెండు పెరిగేవి, రెండు పెరగనివి. రెండు వేర్వేరు చోట్ల ఉంటే ఎక్కువ టెట్రాడ్లలో పెరగనివి మూడు వస్తాయి, కొన్నిట్లో నాలుగూ పెరగవు. మాకు అన్నీ రెండుకు రెండే వచ్చాయి. కాబట్టి ఎం3లో దెబ్బ తగిలింది ఒక్క చోటే, లేదా పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల.

ఆ "పక్కపక్కనే" అన్న మాట దగ్గర మూడు అవకాశాలు మిగిలాయి. his4 పక్కన నిజంగానే ఇంకో హిస్టిడిన్ జీన్ ఉండి, రెండిట్లోనూ విడివిడిగా మ్యుటేషన్లు ఉండొచ్చు. లేదా ఆ రెండిటినీ కలిపి ఒక డిలీషన్ ఎగరగొట్టి ఉండొచ్చు. లేదా అసలు రెండు జీన్లే లేకపోవచ్చు: ఎం1, ఎం2, ఎం3 అన్నీ ఒకే జీన్‌లో ఉండి, ఎం1, ఎం2 మాత్రం ఒకే జీన్‌లో ఉంటూనే ఒకదాన్నొకటి ఆదుకుంటూ ఉండొచ్చు.

నా మొగ్గు మూడోదాని వైపే. కారణం HIS4 తయారుచేసే ప్రోటీన్ స్వభావం. సుమారు 800 అమైనో ఆమ్లాల పొడవున్న ఆ ఒక్క ప్రోటీన్‌లో మూడు ఎంజైములు వరసగా అతికి ఉన్నాయి. మొదటి భాగం ఎ, హిస్టిడిన్ దారిలో మూడో మెట్టు నడుపుతుంది. మధ్యలోని బి రెండో మెట్టు నడుపుతుంది. చివరి భాగం సి పెద్దది, హిస్టిడినాల్ డీహైడ్రోజినేజ్, దారిలోని ఆఖరి రెండు మెట్లూ దానివే. పది మెట్లకు ఏడే జీన్లు ఎలా సరిపోతున్నాయంటే ఇలాంటి కలయికల వల్లే. ఇక్కడ ఎ భాగంలో ఒక్క అమైనో ఆమ్లం మాత్రమే మారిన మిస్‌సెన్స్ మ్యూటెంట్‌లో బి, సి పనిచేస్తూనే ఉంటాయి. సి భాగంలో మారినదానిలో ఎ, బి బాగుంటాయి. రెండూ ఒకే కణంలో ఉంటే ఒకదాని ఎ, ఇంకోదాని సి కలిసి పని పూర్తవుతుంది.

అయితే ప్రోటీన్ మొదట్లోనే స్టాప్ కోడాన్ పడితే మూడు భాగాలూ పోతాయి. అలాంటి మ్యూటెంట్ ఎ వాళ్లతోనూ పొసగదు, సి వాళ్లతోనూ పొసగదు. ఎం3 ప్రవర్తన అచ్చం ఇదే.

కానీ మొగ్గు వేరు, రుజువు వేరు. పైగా ఎం1 his4 టెస్టర్‌తో పెరిగిందన్నది ఇంకా అలాగే ఉంది.

పనికిరాని పరీక్ష

మొదట తేలికదారి ప్రయత్నించాం. ఎం1 ఎ భాగంలో, ఎం2 సి భాగంలో ఉంటే, వాటికి హిస్టిడిన్ బదులు హిస్టిడినాల్ ఇచ్చి చూడొచ్చు. హిస్టిడినాల్‌ను హిస్టిడిన్‌గా మార్చేది సి భాగమే. కాబట్టి ఎం1 పెరగాలి, ఎం2 పెరగకూడదు. కాగితం మీద ఒక్క ప్లేటుతో తేలిపోయే విషయం.

ప్లేటు మీద ఏదీ పెరగలేదు. హిస్టిడినాల్ మోతాదు పెంచినా అంతే. ఇది ఎం1 గురించి చెబుతున్న సంగతి కాదు. మామూలు ఈస్ట్ కణం హిస్టిడినాల్‌ను లోపలికి సరిగ్గా తీసుకోదు. HOL1 అనే జీన్‌లో ప్రత్యేకమైన మ్యుటేషన్ ఉన్న స్ట్రెయిన్లే తీసుకుంటాయి. ఆ సంగతి తెలియాలంటే ప్లేటు మీద ఇంకో కంట్రోల్ ఉండాలి: దారిలో ముందు మెట్టు తెగి, సి భాగం బాగున్న his1 లాంటి స్ట్రెయిన్. అది కూడా పెరగలేదంటే పరీక్షే పనిచేయలేదని అర్థం. మా ప్లేటు మీద his1 కూడా పెరగలేదు. మూడు మ్యూటెంట్లలోకీ HOL1 మ్యుటేషన్ ఎక్కించి మళ్లీ చేయొచ్చు, కానీ అంత క్రాసింగ్ చేసే బదులు నేరుగా లింకేజ్ చూడడం మేలనిపించింది.

టెట్రాడ్లు ఎంతవరకు చెబుతాయి

ఎం1, ఎం2 డిప్లాయిడ్ హిస్టిడిన్ లేకుండా పెరుగుతుంది. దాన్ని స్పోర్యులేట్ చేస్తే వచ్చే స్పోర్లలో మాత్రం ఒక్కో దానికి ఒక్కో కాపీయే ఉంటుంది, ఆదుకునేవాళ్లుండరు. రెండు మ్యుటేషన్లు వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటే, స్పోర్లలో నాలుగో వంతు దాకా రెండు మంచి కాపీలూ దక్కించుకుని పెరగాలి. టెట్రాడ్ల లెక్కలో, ఆరింట అయిదింటిలో కనీసం ఒక్క పెరిగే స్పోర్ అయినా ఉండాలి.

36 పూర్తి టెట్రాడ్లు చూశాం. పెరిగే స్పోర్ ఒక్కటీ లేదు.

ఇక్కడ విద్యార్థిని "ఒకే జీన్ అని తేలిపోయింది కదా" అంది. తేలలేదు. రెండూ దగ్గరగా ఉన్నాయని మాత్రం తేలింది. ఎంత దగ్గర? 36లో సున్నా వచ్చినప్పుడు, నిజమైన రేటు సుమారు 8 శాతం దాకా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు (సున్నా వచ్చినప్పుడు మూడును మొత్తం సంఖ్యతో భాగించడం ఒక వాడుక లెక్క). అలాంటి టెట్రాడ్‌లో రీకాంబినెంట్ స్పోర్లు సగమే కాబట్టి, దూరం 4 సెంటీమోర్గాన్ల దాకా ఉండొచ్చు. ఈస్ట్‌లో ఒక సెంటీమోర్గాన్ అంటే సగటున 3 కిలోబేసులు. అంటే 12 కిలోబేసుల దాకా అవకాశం ఉంది. ఈస్ట్ జీన్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఆ దూరంలో అయిదారు జీన్లు పట్టేస్తాయి. గెలాక్టోజ్ జీన్లు GAL1, GAL10, GAL7 అలా పక్కపక్కనే ఉన్నవే. "కొత్త జీన్ HIS4 పక్కనే ఉంది" అన్న వాదన ఇంకా చావలేదు.

దూరాన్ని ఇంకా సన్నగా కొలవాలంటే వేల స్పోర్లు చూడాలి, వేల టెట్రాడ్లను సూదితో విడదీయడం కుదరదు. గుత్తగా స్పోర్లను హిస్టిడిన్ లేని ప్లేటు మీద పోసి ఎన్ని పెరిగాయో చూడొచ్చు. కానీ ఇక్కడొక ఉచ్చు ఉంది. స్పోర్యులేట్ కాకుండా మిగిలిపోయిన డిప్లాయిడ్లు కాంప్లిమెంట్ అయ్యేవే కదా! అవన్నీ హిస్టిడిన్ లేకుండా హాయిగా పెరిగి ప్లేటును కప్పేస్తాయి. కాంప్లిమెంట్ కాని జంటలతో ఈ బాధ ఉండదు, ఇలాంటి జంటతోనే ఉంటుంది. అందుకని ఒక వైపు పేరెంట్‌లో can1 మ్యుటేషన్ ఉండేలా స్ట్రెయిన్ కట్టాం. కెనవనిన్ అనే విషాన్ని can1 ఉన్న హాప్లాయిడ్ తట్టుకుంటుంది. డిప్లాయిడ్‌లో ఒక మంచి CAN1 కాపీ ఉంటుంది కాబట్టి చచ్చిపోతుంది. ఆర్జినిన్, హిస్టిడిన్ రెండూ లేకుండా, కెనవనిన్ వేసిన ప్లేటు మీద పెరిగేవి రీకాంబినెంట్ స్పోర్లు. డిప్లాయిడ్లలో కూడా కొద్ది కణాలు మంచి CAN1 కాపీని పోగొట్టుకుని దొంగతనంగా దాటుకొస్తాయి. అందుకే పెరిగిన ప్రతి కాలనీ ఇంకా జత కడుతుందా లేదా అని చూశాం. డిప్లాయిడ్ అయితే కట్టదు.

అలా వడపోస్తే కెనవనిన్ తట్టుకున్న స్పోర్లలో వెయ్యికి రెండు మూడు మాత్రమే హిస్టిడిన్ లేకుండా పెరిగాయి. రీకాంబినెంట్లలో సగం డబుల్ మ్యూటెంట్లు, అవి ఈ ప్లేటు మీద కనబడవు, కాబట్టి రెట్టింపు చేసుకోవాలి. అర సెంటీమోర్గాన్ అనుకుందాం, అంటే కిలోబేసున్నర చిల్లర. HIS4 పొడవే 2.4 కిలోబేసులు. లెక్క సరిపోయింది, అయినా సగటు లెక్కే. క్రోమోజోమ్ మీద అన్ని చోట్లా రీకాంబినేషన్ ఒకే వేగంతో జరగదు. దగ్గరితనాన్ని చూపడానికి ఇది చాలు, ఒకే జీన్ అని ముద్ర వేయడానికి చాలదు.

తేల్చిన రెండు పరీక్షలు

మొదటిది టెస్టర్ గురించి. వాళ్ల ఫ్రీజర్లోని his4 టెస్టర్ ఏ రకం మ్యుటేషనో ఎవరికీ తెలియదు, ట్యూబు మీద "his4" అని మాత్రమే ఉంది. అది సి భాగంలోని మిస్‌సెన్స్ అయితే ఎం1తో పెరగడంలో వింతేమీ లేదు. కాబట్టి జీన్ మొత్తం తీసేసిన his4 డిలీషన్ స్ట్రెయిన్ తెప్పించి దానితో క్రాస్ చేశాం.

ఇందులో చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. డిలీషన్ కలెక్షన్‌లోని హాప్లాయిడ్ స్ట్రెయిన్లలో his3 డిలీషన్ కూడా ముందే ఉంటుంది. డిప్లాయిడ్ పరీక్షకు అది అడ్డు కాదు, ఎం1 వైపు నుంచి మంచి HIS3 కాపీ వస్తుంది. కానీ ఆ క్రాస్ మీద టెట్రాడ్లు చేస్తే his3 విడిగా పంచుకుపోయి లెక్కంతా గందరగోళం అవుతుంది. డిప్లాయిడ్లను ఏరడం సులువే: డిలీషన్ స్ట్రెయిన్‌కు లూసిన్ కావాలి, ఎం1 జి418 మందును తట్టుకోలేదు, లూసిన్ లేకుండా జి418 వేసిన ప్లేటు మీద ఇద్దరూ విడివిడిగా చస్తారు, డిప్లాయిడ్ బతుకుతుంది. అదే కలెక్షన్‌లో వేరే జీన్ తీసేసిన స్ట్రెయిన్‌ను కంట్రోల్‌గా పెట్టాం.

కంట్రోల్‌తో ఎం1 పెరిగింది. his4 డిలీషన్‌తో ఎం1 పెరగలేదు.

ఎనిమిదో జీన్ కథ దాదాపు ఇక్కడే ముగిసింది. "దాదాపు" అనడానికి కారణం ఉంది. వేర్వేరు జీన్లలోని రిసెసివ్ మ్యుటేషన్లు కూడా అరుదుగా ఒకదానికొకటి కాంప్లిమెంట్ కాకపోవచ్చు, ముఖ్యంగా వాటి ప్రోటీన్లు ఒకే సముదాయంలో పనిచేసేవైతే. ఈస్ట్ ట్యూబులిన్ జీన్లలో అలాంటివి చూశారు. కానీ అక్కడ టెట్రాడ్లు రెండు మ్యుటేషన్లనూ దూరంగా చూపిస్తాయి. మన దగ్గర లింకేజ్ ఇప్పటికే బిగుతుగా ఉంది. పెరగకపోవడం, లింకేజ్, రెండూ ఒకే వైపు చూపినప్పుడు ఆ అనుమానానికి చోటు లేదు.

రెండో పరీక్ష ఎం3 మీద. SUP4-o అనేది TAA స్టాప్ కోడాన్ దగ్గర ఆగకుండా అక్కడ టైరోసిన్ పెట్టించే మార్పుచెందిన టీఆర్ఎన్ఏ. దాన్ని ura3 మార్కర్‌కు సరిపడే ప్లాస్మిడ్ మీద మూడు మ్యూటెంట్లలోకీ ఎక్కించాం, పక్కన ఖాళీ ప్లాస్మిడ్‌తో. ఎం1, ఎం2 కదల్లేదు. ఎం3 మాత్రం SUP4-oతో హిస్టిడిన్ లేకుండా పెరిగింది, ఖాళీ ప్లాస్మిడ్‌తో పెరగలేదు. అంటే ఎం3లో ఉన్నది డిలీషన్ కాదు, పోయిన డీఎన్ఏను టీఆర్ఎన్ఏ తిరిగి తేలేదు. ఒక స్టాప్ కోడాన్‌ను దాటించగానే ఎం1తో పొసగని లోపం, ఎం2తో పొసగని లోపం రెండూ ఒకేసారి తీరాయి. ఈస్ట్‌లో మామూలుగా ఒక మెసెంజర్ ఆర్ఎన్ఏ నుంచి ఒకటే ప్రోటీన్ వస్తుంది. ఒక్క స్టాప్ కోడాన్ రెండు పనులనూ ఆపగలిగిందంటే ఆ రెండు పనులూ ఒకే ప్రోటీన్‌వి.

తర్వాత సీక్వెన్స్ చేయిస్తే ఎం1లో ఎ భాగంలో, ఎం2లో సి భాగంలో ఒక్కో అమైనో ఆమ్లం మారి ఉంది. ఎం3లో ఎ భాగంలోని ఒక గ్లుటమిన్ కోడాన్ CAA, TAA అయింది. ఈఎంఎస్ చేసేదే సాధారణంగా ఇలాంటి మార్పు. పాత his4 టెస్టర్ కూడా సి భాగంలోని మిస్‌సెన్సే.

ముందే సీక్వెన్స్ చేయించేస్తే ఈ తిప్పలన్నీ ఎందుకని ఆమె గైడ్ అడిగారు. చేయించొచ్చు. కానీ ఈఎంఎస్ తగిలిన జీనోమ్‌లో మార్పులు చాలా ఉంటాయి. "ఎం1 ఎనిమిదో జీన్" అన్న నమ్మకంతో ఆ జాబితా చూసేవాళ్లు HIS4లోని మార్పును "ఇది కాదని కాంప్లిమెంటేషన్‌లో ఎప్పుడో తేలింది" అని పక్కన పెట్టే ప్రమాదమే ఎక్కువ.

నేను నోట్‌బుక్‌లో రాసుకున్నవి

కాంప్లిమెంటేషన్‌లో రెండు జవాబులకూ సమాన బరువు ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం. రెండూ రిసెసివ్ అని చూసుకున్నాక, పెరగకపోవడం "ఒకే జీన్" అనడానికి గట్టి ఆధారమే. పెరగడం మాత్రం "రెండు పనులు" అని చెబుతుంది, ఆ రెండు పనులు రెండు జీన్లా కాదా అన్నది చెప్పదు. పెరుగుదల బలాన్ని బట్టి కూడా పట్టుకోలేం. జీన్ లోపలి కాంప్లిమెంటేషన్ అంటే బలహీనంగా, చిన్న కాలనీలతో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒకే ఎంజైము రెండు నకళ్లుగా జతకట్టి పనిచేసే చోట అది చాలావరకు నిజం. కానీ HIS4లా విడివిడి భాగాలున్న ప్రోటీన్‌లో ఎం1, ఎం2 డిప్లాయిడ్‌కూ వైల్డ్ టైప్‌కూ కంటికి తేడా కనపడలేదు.

టెస్టర్ సెట్ విషయంలో ఇప్పుడు నేను పట్టుబట్టేది ఒకటే: వీలున్నంత వరకు టెస్టర్లు డిలీషన్లు కావాలి. అది కుదరకపోతే ట్యూబు మీద అల్లీల్ పేరు, దాని రకం రాసి ఉండాలి.

బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లకు ఇదే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. ఈ.కోలైలో HIS4 సి భాగం చేసే పని hisD అనే జీన్‌ది, ఎ, బి భాగాల పని hisI అనే జీన్‌ది. నిజంగానే రెండు జీన్లు, రెండు ప్రోటీన్లు. కానీ రెండూ ఒకే ఆపెరాన్‌లో, ఒకే మెసెంజర్ మీద ఉన్నాయి. hisD ముందు వైపు, hisI చివర. hisDలో స్టాప్ కోడాన్ పడితే దాని కింద ఉన్న జీన్ల పని కూడా తగ్గిపోవచ్చు. దీన్ని పోలారిటీ అంటారు. అప్పుడు ఎఫ్-ప్రైమ్ ప్లాస్మిడ్‌తో రెండో కాపీ ఇచ్చి పరీక్షించినా hisD మ్యూటెంట్, hisI మ్యూటెంట్ కాంప్లిమెంట్ కానట్టు కనిపించే వీలుంది. ఈస్ట్‌లో ఒక జీన్ రెండులా కనిపించింది, అక్కడ రెండు జీన్లు ఒకటిలా కనిపిస్తాయి. రెండు చోట్లా చూడాల్సింది మిస్‌సెన్స్ ఎవరు, స్టాప్ ఎవరు అన్నదే.

ఎం3ని పారేయలేదు కాబట్టి అది ఇప్పుడు వాళ్ల ల్యాబ్‌లో టెస్టర్‌గా పనికొస్తోంది. ఆమె మిగతా మ్యూటెంట్లను ఎం1, ఎం2, ఎం3 మూడింటితోనూ క్రాస్ చేసింది. ఎం1తో పెరిగి, ఎం2తో పెరిగి, ఎం3తో మాత్రం పెరగనిది ఒకటి దొరికింది. సీక్వెన్స్ ఇంకా రాలేదు గానీ, అది బి భాగంలో ఉండాలి.